సిస్టమ్ అప్‌డేట్ తర్వాత తెరుచుకోని ఖాతాల యాప్: రెండు ఫోన్లు, ఒకే సందేశం, రెండు కారణాలు

ఊరు, మనుషులు, ఫోన్ కంపెనీ, యాప్ ఏవో తెలిసే వివరాలు తీసేశాను. మొబైల్ సర్వీసు పనిలో ఉన్నవాళ్లకూ, ఇంట్లో అందరి ఫోన్లూ చూసిపెట్టే బాధ్యత మీద పడ్డవాళ్లకూ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను.

నేపథ్యం

ఒక మండల కేంద్రంలో ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణం. ఏ రైతు ఎన్ని బస్తాలు తీసుకెళ్లాడు, ఎంత కట్టాడు, ఇంకా ఎంత బాకీ ఉన్నాడు అన్న లెక్కలన్నీ యజమాని ఫోన్లోని ఒక యాప్‌లో ఉంటాయి. గుమాస్తా ఫోన్లోనూ అదే యాప్, అదే దుకాణం ఖాతా. రెండు ఫోన్లూ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి.

ఆ యాప్ పనిచేసే తీరు ముందే చెప్పాలి, తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. రాసిన పద్దు మొదట ఫోన్లోని డేటాబేస్‌లో చేరుతుంది. నెట్ అందినప్పుడు అక్కడి నుంచి కంపెనీ సర్వర్‌కు వెళుతుంది. అంటే కొంతసేపటి వరకు ఆ పద్దు లోకం మొత్తంలో ఆ ఒక్క ఫోన్లోనే ఉంటుంది. ఆ కొంతసేపు కొన్ని నిమిషాలు కావచ్చు, కొన్ని రోజులూ కావచ్చు.

సమస్య

ఆండ్రాయిడ్ 13 నుంచి 14కు మార్చే సిస్టమ్ అప్‌డేట్ రెండు ఫోన్లకూ వచ్చింది. రాత్రి చార్జింగ్‌లో పెట్టి ఎక్కించుకున్నారు. తెల్లవారి యాప్ బొమ్మ మీద నొక్కితే లోగో ఒక్క క్షణం మెరిసి తెర మాయమవుతోంది. మళ్లీ నొక్కితే యాప్ పేరుతో పాటు `keeps stopping` అన్న సందేశం. మిగతా యాప్‌లన్నీ మామూలుగానే ఉన్నాయి.

గుమాస్తా కుర్రవాడు చురుకైనవాడు. ఎక్కడో వీడియో చూసి, తన ఫోన్లో యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకున్నాడు. అయినా అదే వరస. యజమాని మాత్రం తన ఫోన్‌ను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"తమ్ముడూ, వాడి దాంట్లో తీసేసి వేసినా రాలేదు. నా దాంట్లో లెక్కలున్నాయి. పోయాయంటే ఈ సీజను నేను ఎవరినీ ఏమీ అడగలేను" అన్నారు ఆయన. ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా మంచి నిర్ణయం నాది కాదు, ఫోన్ ఎవరికీ ఇవ్వకపోవడమన్న ఆయన నిర్ణయమే.

చేయి వేసే ముందు రెండు ప్రశ్నలు

మొదటిది: ఆగిపోతున్నది ఈ ఒక్క యాపేనా, ఇంకేమైనా ఉన్నాయా? చాలా యాప్‌లు ఒకేసారి కూలిపోతుంటే తప్పు వాటన్నిటి కింద ఉన్న ఉమ్మడి భాగంలో వెతకాలి. 2021 మార్చిలో అదే జరిగింది. యాప్‌లలో వెబ్ పేజీలను చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగంలో లోపం వచ్చి, ప్రపంచమంతటా జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయాయి. గూగుల్ వెబ్‌వ్యూను, క్రోమ్‌ను సరిచేసి విడుదల చేశాక అవి అప్‌డేట్ చేసుకున్నవాళ్లందరికీ సర్దుకుంది. అలాంటి రోజున యాప్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా ఫలితం ఉండదు. మా కేసులో కూలుతున్నది ఒక్క యాపే కాబట్టి తప్పు దానిలోనో, దానికీ కొత్త సిస్టమ్‌కూ మధ్యనో ఉందని అనుకున్నాను.

రెండవ ప్రశ్న: లెక్కలు ఎక్కడున్నాయి? ఇది అడగకుండా ఫోన్‌ను ముట్టుకోకూడదు. ఈ యాప్‌కు వెబ్‌సైట్ కూడా ఉంది. యజమాని నంబరుతో, ఆయన చెప్పిన ఓటీపీతో కంప్యూటర్‌లో లాగిన్ అయి చూశాం. ఆయన ఫోన్ నుంచి చేరిన చివరి పద్దు పది రోజుల కిందటిది.

"బాబాయి గారూ, తర్వాత ఏమీ రాయలేదా?"

"రాయకపోవడమేమిటి! నిన్న సాయంత్రం కూడా రాశాను."

ఫోన్ సెట్టింగుల్లో చూస్తే కారణం కనిపించింది. డేటా ఆదా కావాలని ఎవరో ఆ యాప్‌కు బ్యాక్‌గ్రౌండ్ డేటాను ఆపేశారు. ఆయన యాప్ తెరిచి, పద్దు రాసి, వెంటనే జేబులో పెట్టేసే మనిషి. పద్దులు పైకి వెళ్లే వ్యవధి ఎప్పుడూ దొరకలేదు. గుమాస్తా రాసినవి మాత్రం అన్నీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి.

దీంతో రెండు ఫోన్లకూ రెండు దారులు ఏర్పడ్డాయి. గుమాస్తా ఫోన్లో ఏం చేసినా నష్టం లేదు, అక్కడ ప్రయోగాలు చేయవచ్చు. యజమాని ఫోన్లో మాత్రం ఏదీ తుడిచివేయని పనులే చేయాలి.

ప్రయత్నించినవి, ఆ వరసకు కారణం

ఇలాంటి సమస్యకు అందరూ చెప్పే పనులు దాదాపు ఒకటే. వాటిని ఏ వరసలో చేస్తామన్నదే ముఖ్యం. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: ఈ పని ఏమేమి తుడిచేస్తుంది, తుడిచినదాన్ని వెనక్కి తెచ్చుకోగలమా? ఏమీ తుడవనివి ముందు, వెనక్కి రానివి చివర.

మొదట `Force stop` నొక్కి, ఫోన్‌ను ఒకసారి ఆపి వెలిగించాం. సిస్టమ్ మారాక ఫోన్ వెనకాల చాలా పని పెట్టుకుంటుంది; యాప్‌ల కోడ్‌ను కొత్త సిస్టమ్‌కు తగినట్టు మళ్లీ సిద్ధం చేసుకోవడం అందులో ఒకటి. కొన్ని ఫోన్లు దానితోనే సర్దుకుంటాయి. ఇవి సర్దుకోలేదు. ఖాళీ చోటు కూడా చూశాం. స్టోరేజ్ అంచుల దాకా నిండిన ఫోన్లో డేటాబేస్‌ను తెరవలేక కూడా యాప్‌లు కూలుతుంటాయి. ఇక్కడ చోటు సరిపడా ఉంది.

తర్వాత క్యాష్. సెట్టింగుల్లో యాప్ పేరు, దానిలో `Storage & cache`, దానిలో `Clear cache`. ఈ బటన్ యాప్ తాత్కాలికంగా దాచుకున్న బొమ్మలు, దించుకున్న పేజీలు, సిద్ధం చేసుకున్న కోడ్ ముక్కలు ఉండే ఫోల్డర్లను మాత్రమే ఖాళీ చేస్తుంది. డేటాబేస్‌ను, లాగిన్‌ను, యాప్ సెట్టింగులను ముట్టుకోదు. అందుకే యజమాని ఫోన్లో కూడా ధైర్యంగా చేశాను. కానీ వేలు పెట్టే చోటు చూసుకోవాలి. `Clear storage` లేదా `Clear data` అన్న బటన్ దాని పక్కనే ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో అయితే ముందు `Clear data` నొక్కితేనే, లోపల `Clear cache` అన్న రెండో ఎంపిక కనిపిస్తుంది. ఫోన్‌లో ఎవరికైనా దారి చెప్పేటప్పుడు "క్లియర్ నొక్కండి" అని ఊరుకోవడం ప్రమాదం. తెర మీద ఉన్న మాటలు మొత్తం చదివించాలి. క్యాష్ తుడిచాక కూడా యాప్ తెరుచుకోలేదు.

ఈ దశలో చాలామంది ఫోన్‌ను రికవరీ మెనూలోకి తీసుకెళ్లి `Wipe cache partition` చేయమంటారు. నేను చేయలేదు. ఇటీవలి ఫోన్లలో చాలావాటికి అలాంటి విభాగమే లేదు. ఉన్నవాటిలో కూడా అది ఒక్క యాప్ సొంత ఫైళ్లను సరిచేసేది కాదు. పైగా ఆ మెనూలో దాని దగ్గరే `Wipe data/factory reset` ఉంటుంది. టచ్ పనిచేయని తెర మీద, వాల్యూమ్ బటన్లతో పైకీ కిందికీ జరుపుతూ, పది రోజుల లెక్కలున్న ఫోన్లో ఆ రెండింటి మధ్య ఎంచుకోవడానికి తగిన కారణం నాకు కనిపించలేదు.

సేఫ్ మోడ్ సలహా కూడా వింటుంటాం. వేరే యాప్ ఏదైనా ఫోన్‌ను ఇబ్బంది పెడుతోందేమో చూడడానికి అది మంచిది. కానీ ఆ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లన్నీ ఆగిపోతాయి. పరీక్షించాల్సిన యాప్ కూడా వాటిలో ఒకటే. ఈ సమస్యకు అది ఏ సమాధానమూ చెప్పదు.

ఆపైన అప్‌డేట్లు. ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూకు కొత్త కూర్పు ఉంటే వేశాం. మన యాప్ పేజీలో మాత్రం `Update` లేదు, `Open` ఒక్కటే ఉంది. కంపెనీ ఇంకా కొత్త కూర్పు విడుదల చేయలేదన్నమాట.

ఏమీ తుడవని పనులు ఇక్కడితో అయిపోయాయి. మిగిలినవి రెండే: `Clear storage`, లేదా తీసేసి మళ్లీ వేయడం. మామూలు వరసలో ఇక ఆ మెట్టే ఎక్కాలి. అయితే గుమాస్తా ఫోన్లో ఆ చివరి మెట్టు కూడా విఫలమైంది. యాప్‌ను పూర్తిగా తీసేసి కొత్తగా వేసినా ఎందుకు కూలుతోంది? దీనికి జవాబు తెలియకుండా యజమాని ఫోన్లో ఏదీ తుడవకూడదనుకున్నాను.

లాగ్ చెప్పిన సంగతి

యాప్ కూలినప్పుడు తెర మీద ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ఫోన్ మాత్రం తనలో కారణంతో సహా రాసిపెట్టుకుంటుంది. దాన్ని చదవడానికి ఫోన్‌ను రూట్ చేయనక్కరలేదు, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకోనక్కరలేదు. సెట్టింగుల్లో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. వాటిలో `USB debugging` ఆన్ చేసి, కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ అడిగిన అనుమతి ఇవ్వాలి. యాప్‌ను ఒకసారి నొక్కి కూలనిచ్చి, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆదేశాలు పంపే adb అనే టూల్ ఉన్న ఆ కంప్యూటర్‌లో ఇది కొట్టాలి:

```
adb logcat -b crash -d
```

యజమాని ఫోన్ నుంచి వచ్చినదాంట్లో పనికొచ్చే వరసలు ఇవి:

```
FATAL EXCEPTION: main
java.lang.RuntimeException: Unable to create application
Caused by: java.security.KeyStoreException: the master key
  android-keystore://_androidx_security_master_key_
  exists but is unusable
```

గుమాస్తా ఫోన్లో పై రెండు వరసలూ ఇవే. కారణం మాత్రం వేరు:

```
Caused by: javax.crypto.AEADBadTagException
```

రెండు ఫోన్ల తెర మీదా ఉన్నది ఒకే సందేశం. లోపల జరుగుతున్నవి రెండు వేర్వేరు విషయాలు.

చాలా యాప్‌లు లాగిన్ గుర్తును ఒక చిన్న ఫైలులో గుప్తంగా దాచుకుంటాయి. ఆ ఫైలును తెరిచే తాళంచెవి యాప్ దగ్గర ఉండదు. ఫోన్లోని కీస్టోర్ అనే భద్రమైన చోట ఉంటుంది. ఫైలు పెట్టె అయితే, కీస్టోర్‌లోది దాని తాళంచెవి. యాప్ తెరుచుకోగానే మొదట చేసే పని ఆ పెట్టె తెరవడం. అది కుదరనప్పుడు ఏం చేయాలో ఈ యాప్ రాసినవాళ్లు ఆలోచించలేదు. అందుకే తెర కూడా కనిపించకుండానే కూలుతోంది.

సిస్టమ్ అప్‌డేట్‌కూ తాళంచెవికీ సంబంధం ఉంది. కీస్టోర్‌లోని తాళంచెవులు సిస్టమ్ కూర్పుకూ, భద్రతా ప్యాచ్ స్థాయికీ ముడిపడి ఉంటాయి. ఎవరైనా ఫోన్‌ను పాత, లోపాలున్న సిస్టమ్‌కు వెనక్కి తీసుకెళ్లి తాళాలు తీయకుండా ఈ ఏర్పాటు. సిస్టమ్ మారాక పాత తాళంచెవిని మొదటిసారి వాడబోతే, భద్రతా భాగం దాన్ని కొత్త స్థాయికి మార్చాలని చెబుతుంది, కీస్టోర్ మార్చుతుంది, మనకేమీ తెలియకుండా పని జరిగిపోతుంది. కొన్ని ఫోన్లలో ఈ మార్పిడి బెడిసికొడుతుంది. అప్పుడు తాళంచెవి పేరు ఉంటుంది, కానీ అది తిరగదు. లాగ్‌లోని చివరి వరస చెబుతున్నది సరిగ్గా ఇదే. అప్‌డేట్ అయిన మరుక్షణం నుంచే మొదలైంది కాబట్టి, యజమాని ఫోన్లో జరిగింది ఇదేనని తేల్చుకున్నాను.

గుమాస్తా కథ వేరు. అతడు యాప్‌ను తీసేసినప్పుడు చెడిన తాళంచెవి కూడా పోయింది. అది మంచిదే. కానీ మళ్లీ వేయగానే గూగుల్ ఆటో బ్యాకప్ తన దగ్గరున్న పాత ప్రతిని తెచ్చి పెట్టింది. యాప్ తయారుచేసినవాళ్లు వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, ఈ బ్యాకప్‌లో ఆ గుప్త ఫైలు కూడా చేరుతుంది. తాళంచెవి మాత్రం చేరదు. కీస్టోర్‌లోవి ఫోన్ దాటి బయటకు రావు. కాబట్టి కొత్తగా వేసిన యాప్‌కు కొత్త తాళంచెవి తయారైంది, దాని ముందుకు పాత పెట్టె వచ్చింది. ఒకదానికి ఇంకొకటి సరిపడకపోవడమే ఆ రెండో కారణం. తీసేసి మళ్లీ వేయడమంటే అంతా మొదటికి వచ్చినట్టేనని మనం అనుకుంటాం. బ్యాకప్ ఆన్‌లో ఉన్న ఫోన్లో అది నిజం కాదు.

గుమాస్తా ఫోన్లో

పరిష్కారం చిన్నదే. మళ్లీ వేసిన యాప్‌ను తెరవకుండా సెట్టింగుల్లోకి వెళ్లి `Clear storage` చేశాం. బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చిపెట్టడం యాప్‌ను వేసే సమయంలోనే జరుగుతుంది. తర్వాత తుడిస్తే మళ్లీ రాదు. యాప్ లాగిన్ తెరతో తెరుచుకుంది. ఓటీపీ కొట్టగానే లెక్కలన్నీ సర్వర్ నుంచి దిగాయి. అసలు తీసేయకుండా నేరుగా `Clear storage` చేసినా సరిపోయేది. అందులో చెడిన తాళంచెవి, పాత పెట్టె రెండూ పోతాయి, బ్యాకప్ కూడా అడ్డు రాదు. తుడిచివేత విషయంలో రెండూ సమానమే అయినా, తీసేయడం కన్నా దీన్ని ముందు ఉంచడానికి నాకున్న కారణం ఇది.

ఆ రోజు నుంచి దుకాణంలో కొత్త పద్దులన్నీ ఈ ఫోన్లో రాయమన్నాను.

యజమాని ఫోన్లో

ఇక్కడ `Clear storage` చేస్తే యాప్ తప్పకుండా తెరుచుకుంటుంది. పది రోజుల పద్దులు తప్పకుండా పోతాయి. కాబట్టి ముందు వాటిని బయటకు తీసే దారి ఉందా అని చూశాను.

గుమాస్తా, "ఫోన్లోవన్నీ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసేస్తే సరిపోదా అన్నా?" అన్నాడు. సరిపోదు. కేబుల్ పెడితే కనిపించేవి ఫొటోలు, డౌన్‌లోడ్లు వంటివి మాత్రమే. యాప్ డేటాబేస్ ఉండే ఫోల్డర్‌ను ఆండ్రాయిడ్ ఆ యాప్‌కు తప్ప ఎవరికీ చూపించదు. పాత `adb backup` ఆదేశం కూడా ఆండ్రాయిడ్ 12, ఆపైన కూర్పుల కోసం తయారైన యాప్‌ల డేటాను వదిలేస్తుంది. రూట్ చేద్దామంటే ముందు, ఫోన్ వెలిగేటప్పుడు సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ తాళం తీయాలి. అలా తీసే క్షణంలోనే ఫోన్ తనలో ఉన్నదంతా తుడిచేస్తుంది. బయటి నుంచి లోపలికి దారి లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం వీలైంది. ఆటో బ్యాకప్ మామూలుగా ఫోన్ ఖాళీగా, చార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడు తనంతట తాను జరుగుతుంది. ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకు దాస్తుంది. సెట్టింగుల్లో గూగుల్ బ్యాకప్‌లోకి వెళ్లి `Back up now` నొక్కాం. జాబితాలో ఈ యాప్‌కు ఆ రోజు తేదీ పడింది. ఇది పరిష్కారం కాదు, ఎందుకంటే ఆ ప్రతి వెనక్కి వచ్చినా చెడిన పెట్టెతో కలిసే వస్తుంది. ఫోన్ కింద పడి పగిలినా డేటాబేస్ ఒక చోట ఉంటుంది, అంతే.

ఇక మిగిలింది యాప్ తయారుచేసినవాళ్లు. యజమాని అప్పటికే సహాయ కేంద్రానికి రాశారు. వచ్చిన జవాబు అందరికీ వచ్చేదే: యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోండి. ఆ మాట విని ఉంటే లెక్కలు పోయేవి, పైగా బ్యాకప్ కారణంగా యాప్ కూడా తెరుచుకునేది కాదు. నేను మళ్లీ రాయించాను. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ కూర్పు, భద్రతా ప్యాచ్ తేదీ, యాప్ కూర్పు సంఖ్య, లాగ్‌లోని ఆ వరసలు. చివర ఒక వాక్యం: సర్వర్‌కు చేరని పద్దులు ఫోన్లో ఉన్నాయి, కాబట్టి డేటా తుడిచే సలహా మాకు పనికిరాదు. ఈసారి ఉత్తరం సహాయ కేంద్రం దాటి ఇంజినీరు దాకా వెళ్లింది. లాగ్ లేని ఫిర్యాదును ఎవరూ లోపలికి పంపరు. ఉన్నదాన్ని అక్కడే ఆపడం కష్టం.

ఆ ఇంజినీరు ఫోన్ చేసినప్పుడు రెండు విషయాలు అడిగాను. పద్దుల డేటాబేస్‌ను కూడా అదే తాళంచెవితో గుప్తంగా దాచారా? లేదన్నాడు, లాగిన్ గుర్తు ఒక్కటే ఆ పెట్టెలో ఉంది. మా ఆశంతా ఈ జవాబు మీదే ఉంది. డేటాబేస్ తాళం కూడా ఆ పెట్టెలోనే ఉండే యాప్ అయితే, తయారుచేసినవాళ్లు కూడా ఏమీ చేయలేరు. రెండవది: మళ్లీ లాగిన్ అయినప్పుడు యాప్ ఫోన్లోని పాత డేటాబేస్‌ను తీసేసి సర్వర్ ప్రతిని దించుకుంటుందా? ఇది అడగకపోతే తెరుచుకున్న యాప్‌లోనే లెక్కలు పోగొట్టుకునే అవకాశం ఉంది. అతడు చూసి చెప్తానన్నాడు. కోడ్ చూస్తే, వేరే నంబరుతో లాగిన్ అయితే తుడుస్తుంది, అదే నంబరైతే ఉంచుతుంది అని తేలింది.

కొన్నాళ్లకు వాళ్లు సరిచేసిన కూర్పును ప్లే స్టోర్ టెస్టింగ్ లింకు ద్వారా ఇచ్చారు. మార్పు చిన్నదే: పెట్టె తెరుచుకోకపోతే కూలిపోకుండా, ఆ పెట్టెనూ తాళంచెవినీ మాత్రం పారేసి, లాగిన్ తెర చూపించడం. దాన్ని ఉన్న యాప్ మీదే అప్‌డేట్‌గా వేశాం. మీద వేసే అప్‌డేట్ కోడ్‌ను మారుస్తుంది, డేటాను అలాగే ఉంచుతుంది. తీసేసి వేయడానికీ, మీద వేయడానికీ ఉన్న తేడా మొత్తం ఇదే.

యాప్ తెరుచుకుంది. అదే నంబరు, ఓటీపీ. పది రోజుల పద్దులూ కనిపించాయి. ఇంకేదీ నొక్కకముందే ఆ జాబితాను నా ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాం. ఆ తర్వాతే బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆన్ చేసి, వైఫైకి కలిపి వదిలాం. వెబ్‌సైట్‌లో ఒక్కో రైతు బాకీ ఫొటోల్లోని అంకెతో కలిసేదాకా యజమాని కుర్చీ లోంచి లేవలేదు. చివరగా డెవలపర్ ఆప్షన్స్ ఆపేశాను. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయమని మొండికేస్తాయి, అప్పుడు అది ఇంకో కేసవుతుంది.

ఈ కేసు తర్వాత నేను పాటిస్తున్నవి

వరస ఇది: ఫోన్ ఆపి వెలిగించడం, ఖాళీ చోటు చూడడం, క్యాష్ తుడవడం, వెబ్‌వ్యూ, యాప్ అప్‌డేట్లు, లాగ్ చదవడం, డేటా సర్వర్‌లో ఉందని కళ్లతో చూడడం, `Clear storage`, అన్నిటికన్నా చివర తీసేసి మళ్లీ వేయడం. లాగ్‌ను, డేటా తనిఖీని తుడిచే పనులకు ముందే పెట్టాను. తుడిచాక లాగ్ చదివితే గుమాస్తా ఫోన్లో లాగా వేరే కథ కనిపిస్తుంది. మొదటి కారణానికి సాక్ష్యం మిగలదు.

కంపెనీ ఇచ్చే కొత్త కూర్పు కోసం ఆగలేక, ఇంటర్నెట్‌లో దొరికిన ఏపీకే అనే యాప్ ఫైలును మీద వేయాలని చూసేవాళ్లున్నారు. దాని మీది తయారీదారు డిజిటల్ సంతకం అసలు యాప్‌తో కలవకపోతే ఆండ్రాయిడ్ వేయనివ్వదు. ఆ తిరస్కారం చూసి "పాతది అడ్డొస్తోంది" అనుకుని పాతదాన్ని తీసేస్తారు. లెక్కలు పోయేది అక్కడే.

తీసేయడానికి ముందు ఇంకొకటి కూడా చూస్తాను: ఆ యాప్ ప్లే స్టోర్‌లో ఇంకా ఉందా? కొన్ని దుకాణాల్లో ఏళ్ల కిందట ఎవరో రాసిచ్చిన బిల్లింగ్ యాప్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. యాప్ ఏ ఆండ్రాయిడ్ కూర్పును దృష్టిలో పెట్టుకుని తయారైందో చెప్పే అంకెను టార్గెట్ ఎస్‌డీకే అంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి, అది 23 కన్నా తక్కువ ఉన్న యాప్‌లను ఫోన్ కొత్తగా వేయనివ్వదు. ఆండ్రాయిడ్ 15లో ఆ హద్దు 24. అప్‌డేట్‌కు ముందే ఫోన్లో ఉన్నవి మాత్రం అలాగే ఉండిపోతాయి. అలాంటిదాన్ని ఒకసారి తీసేస్తే, చేతిలో ఏపీకే ఉన్నా ఫోన్ ఒప్పుకోదు. కంప్యూటర్‌కు కలిపి ఇలా వేస్తే వెళుతుంది:

```
adb install --bypass-low-target-sdk-block billing.apk
```

అది యాప్‌ను మాత్రమే తిరిగి తెస్తుంది. లోపల రాసుకున్న బిల్లులు తీసేసిన క్షణంలోనే పోయి ఉంటాయి.